‘తప్పు’ అంటే ‘ఛీ’ అనడమేనా?

అంటరానితనం తప్పు అని నేనంటే, ‘అది మీ ఫీలింగ్ సార్’ అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. ఆ మాట వెనక ఒక సిద్ధాంతం ఉంది: ఎమోటివిజం. ‘దొంగతనం తప్పు’ అనే మాటలో నిజమో అబద్ధమో తేల్చడానికి ఏమీ లేదనీ, అది అయిష్టాన్ని వెళ్లగక్కడమేననీ 1936లో ఏ.జె. అయర్ వాదించాడు.

సరే, పరీక్షిద్దాం. ‘అంటరానితనం తప్పయితే, టీకొట్టులో రెండు గ్లాసుల పద్ధతీ తప్పే.’ ఈ వాక్యాన్ని అంటరానితనం పాటించేవాడు కూడా ఒప్పుకోవచ్చు. దాన్ని పలికినప్పుడు వాడు దేన్నీ ‘ఛీ’ అనలేదు. అయినా వాక్యం అర్థమవుతోంది. ఇప్పుడు ‘అంటరానితనం తప్పు’ అని కలపండి. ‘రెండు గ్లాసులూ తప్పే’ అని తేలి తీరుతుంది. రెండుచోట్లా ‘తప్పు’కి ఒకే అర్థం ఉంటేనే ఆ తర్కం నిలుస్తుంది. ఒకచోట ‘ఛీ’, ఇంకోచోట మరేదో అయితే కూలిపోతుంది. 1960ల్లో పీటర్ గీచ్ బిగించిన ముడి ఇది. విప్పడానికి అయర్ వారసులు ఇంకా తంటాలు పడుతున్నారు.

ఇదొక్కటే అంటరానితనం తప్పని రుజువు చెయ్యదు. కానీ మన మాట వాదనలో నిలబడే మాట అని చూపిస్తుంది. కాబట్టి మిత్రులారా, ‘మీ ఫీలింగ్’ అన్నవాణ్ని కారణం అడగండి. రెండో గ్లాసు ఎందుకో వాడే చెప్పాలి.