అగ్నిపర్వతం వద్దు, పసుపు గుడ్డ చాలు

సూరత్‌లో ఉధనా దాటగానే వచ్చే స్టేషన్ భేస్తాన్. మా చిన్నమ్మ వాళ్లు అక్కడే ఉంటారు. తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు సూరత్‌లో చాలా ఉన్నాయి. ఇక్కడి నగర పాలక సంస్థ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా నడుస్తోంది. మొన్న నేను వెళ్లినప్పుడు పక్కింటి పాప, నాలుగో తరగతి, నోట్‌బుక్ పట్టుకుని వచ్చింది. “అక్కా, ఇంట్ల ఉండే వస్తువుల్ల మార్పులు అని టీచర్ ప్రాజెక్టు ఇచ్చింది. అగ్నిపర్వతం చేస్త, మట్టి తెచ్చిపెట్టమని నాయినకు చెప్పిన” అంది.

వంటసోడా, వెనిగర్ కలిపి నురగ పొంగించే ఆ అగ్నిపర్వతాన్ని నేను ఎన్నో ప్రదర్శనల్లో చూశాను. అందులో జరిగేది నిజమైన రసాయన మార్పే. నా అభ్యంతరం వేరే ఉంది. పది సెకన్లలో అంతా అయిపోతుంది. పుట్టిన వాయువు కంటికి కనిపించదు. శ్రమంతా మట్టికొండ కట్టి రంగు వేయడానికే పోతుంది, అదీ ఎక్కువగా నాన్న చేతుల మీదుగా. “ఒక్క వస్తువు మారిస్తే ఏమవుతుంది?” అని పాప తనంతట తాను అడిగే చోటు దానిలో దాదాపు లేదు.

ప్రాజెక్టుకు అంశం ఎంచుకునేటప్పుడు నేను చూసేది రెండే. పిల్లలు ముందే ఊహించి రాసుకుని, ఆ ఊహ తప్పో ఒప్పో కళ్లతో తేల్చుకోగలగాలి. జరిగిన మార్పును వెనక్కి తేగలమా లేదా అన్నది కూడా వాళ్లే పరీక్షించగలగాలి. ఈ రెండింటికీ సరిపోయేది వంటింట్లోని పసుపు డబ్బాలోనే ఉంది.

ఎలా చేయాలో చెబుతాను. అర గ్లాసు వేడి నీళ్లలో ఒక చెంచా పసుపు పెద్దవాళ్లు కలిపి ఇవ్వాలి. నీళ్లు గోరువెచ్చబడ్డాక తెల్లటి పాత నూలు గుడ్డను అందులో పది నిమిషాలు నానబెట్టి పిండాలి. అంటుకున్న పొడి పోయేలా మంచినీళ్లలో ఒకసారి జాడించి నీడలో ఆరేయాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సూరత్ ఇళ్లలో చేతికి అందేవి ఎక్కువగా పాలిస్టర్ ముక్కలే. అవి ఇంత తక్కువ వేడిలో పసుపును సరిగా పట్టుకోవు. పాత పంచె, బనియను లాంటి నూలు గుడ్డే కావాలి. రంగు మరీ ముదురుగా ఉన్నా మార్పు తెలియదు. లేత పసుపు చాలు.

ఆరిన గుడ్డను ముక్కలుగా కత్తిరించి, ఒక్కో ముక్కపై ఒక్కో చుక్క వేయాలి. మొదటి చుక్క మంచినీళ్లదే కావాలి. తడి వల్లే రంగు కాస్త ముదురుతుంది కాబట్టి మిగతావాటిని దానితోనే పోల్చాలి. తర్వాత ఉప్పునీళ్లు, చక్కెర నీళ్లు, నిమ్మరసం, వంటసోడా నీళ్లు, బట్టల సబ్బు నీళ్లు. ప్రతి చుక్కకు ముందు “ఏమవుతుందనుకుంటున్నావు?” అని అడిగి, జవాబు రాయించాలి.

పాప నిమ్మరసం దగ్గర “రంగు మారుతది” అని రాసింది. మారలేదు. నీళ్ల ముక్కకూ నిమ్మరసం ముక్కకూ తేడా కనిపించలేదు. వంటసోడా దగ్గర కొద్దిగా నారింజ ఛాయ వచ్చింది. సబ్బు నీళ్లు పడగానే గుడ్డ ఎర్రబడింది. చూస్తున్న చిన్నమ్మ, “హారతి నీళ్ల లెక్కనే అయింది కదా!” అంది. అక్షరాలా నిజం. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లు అయ్యేది, పెళ్లికూతురి పాదాలకు పారాణి అయ్యేది ఈ మార్పు వల్లే. అయితే సున్నం కంట్లో పడితే ప్రమాదం. పిల్లల ప్రయోగానికి సబ్బు నీళ్లే వాడాలి.

అసలు ప్రయోగం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఎర్రబడిన ముక్క మీదే, అది ఆరకముందే, నిమ్మరసం వేయమన్నాను. ఎరుపు పోయి పసుపు తిరిగి వచ్చింది. ఇందాక ఏమీ చేయలేదనుకున్న నిమ్మరసం ఇప్పుడు పనిచేసింది. మళ్లీ సబ్బు వేస్తే మళ్లీ ఎరుపు.

పసుపు రంగుకు కారణం కర్కుమిన్ అనే పదార్థం. అది వెలుగులోని ఊదా, నీలం భాగాన్ని పీల్చుకుంటుంది కాబట్టి మనకు పసుపుగా కనిపిస్తుంది. సబ్బు నీళ్లు దాని అణువు నుంచి హైడ్రోజన్ అయాన్‌ను లాగేస్తాయి. అప్పుడు అది పీల్చే వెలుగు ఆకుపచ్చ వైపు జరుగుతుంది, మనకు ఎరుపు కనిపిస్తుంది. నిమ్మరసం ఆ అయాన్‌ను తిరిగి ఇస్తుంది. నాలుగో తరగతికి ఈ మాటలన్నీ అక్కర్లేదు. “సబ్బు మార్చింది, నిమ్మరసం వెనక్కి తెచ్చింది” అని రాస్తే చాలు.

రెండో భాగానికి ఎండ కావాలి. ఇంకో పసుపు ముక్కలో సగాన్ని స్టీలు పళ్లెం కింద పెట్టి, మిగతా సగాన్ని డాబా మీద ఎండకు వదిలేయాలి. ఎండ గట్టిగా ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే బయట ఉన్న సగం పాలిపోతుంది. పళ్లెం కింద సగం పసుపుగానే ఉంటుంది. ఇప్పుడు పాలిపోయిన సగంపై నిమ్మరసం వేసి చూడమనాలి. రంగు రాదు. వెలుగు ఆ అణువునే విరగ్గొట్టింది. విరిగిన ముక్కలకు ఆ పసుపు రంగు ఉండదు, అవి మళ్లీ అతుక్కోవు.

నేను దీన్ని ఎంచుకోవడానికి ముఖ్య కారణం ఇదే. భౌతిక మార్పు వెనక్కి వస్తుంది, రసాయన మార్పు రాదు అని మనం చిన్నప్పుడు వల్లె వేశాం. ఆ వాక్యం పూర్తిగా నిజం కాదు. ఇక్కడ రెండూ రసాయన మార్పులే, ఒకే గుడ్డ మీద జరిగినవే. ఒకటి వెనక్కి వచ్చింది, రెండోది రాలేదు. ఇది చేసి చూసిన పిల్లలు రేపు ఆ వాక్యాన్ని వినగానే ఒప్పుకోరు. మంచు కరగడం, అన్నం ఉడకడం లాంటి ఉదాహరణలు ఆ వాక్యానికి చక్కగా సరిపోతాయి. అందుకే అవి ఒక్కటే చూపిస్తే దానిలోని లోపం బయటపడదు.

దీనికీ పరిమితులున్నాయి. పసుపు గుడ్డ నీళ్లకూ పులుపుకూ తేడా నేరుగా చెప్పలేదు. సబ్బు ముక్కను గంటల తరబడి అలాగే వదిలేస్తే కర్కుమిన్ సబ్బులోనే పాడవుతుంది. తర్వాత నిమ్మరసం వేసినా వచ్చే పసుపు పాలిపోయి ఉంటుంది. సబ్బు వేసినా ఎర్రబడకపోతే, వాడింది షాంపూనో, చేతులు కడిగే లిక్విడో అయి ఉండవచ్చు. వాటిలో చాలావరకు సబ్బు అంత క్షారంగా ఉండవు. అది తప్పు ఫలితం కాదు, అదీ పట్టికలో రాయాల్సిందే.

చార్టు మీద కొన్న బొమ్మలు కాకుండా ఈ ముక్కలనే ఆరబెట్టి అతికించండి, పక్కన పిల్లల ఊహ, జరిగింది రాయించండి. తరగతిలో కిటికీ పక్కన మాత్రం తగిలించకండి. నెల తిరిగేసరికి అన్ని ముక్కలూ పాలిపోతాయి. ఎందుకో పాప చెప్పగలిగితే ప్రాజెక్టు పూర్తయినట్టే.