కూలి రేటుకు గీత గీస్తే ఎవరికి లాభం, ఎవరికి పని పోతుంది?

నాట్లు దగ్గర పడ్డాయంటే చాలు, ప్రతి ఊళ్లో రెండు మాటలు వినపడతాయి. "కూలి రేట్లు మోయలేకపోతున్నాం, ఊరంతా కూర్చుని ఒక రేటు కట్టేద్దాం" అని మనవాళ్లు అంటారు. "ఇంత కంటే తక్కువైతే రాం" అని కూలీలు అంటారు. పైనుంచి ప్రభుత్వం కనీస వేతనం పెంచాలన్న చర్చ ఎలాగూ ఉంది. పెంచితే కూలీ బాగుపడతాడని ఒకరు, పెంచితే అసలు పనే ఉండదని ఇంకొకరు వాదిస్తారు. నన్నడిగితే రెండూ నిజమే. కాకపోతే ఏ పనిలో ఏది నిజమో విడదీసి చూడాలి.

కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది. వ్యవసాయ కూలీ అప్పుడే అందులో ఉన్నాడు, రేటు రాష్ట్రం నిర్ణయించేది. కానీ పొలం గట్టు మీదికి వచ్చి ఎంత ఇచ్చావని అడిగినవాళ్లు మనకు కనపడరు. మన ఊళ్లలో నిజంగా పనిచేసిన గీత ఉపాధి హామీ. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాని కూలి రోజుకు 307 రూపాయలు. ఆ పని చేతిలో ఉన్నన్నాళ్లూ అంతకన్నా తక్కువకు మన చేలోకి రావాల్సిన అగత్యం కూలీకి లేదు.

ఇప్పుడు వరి నాటు తీసుకుందాం. కింద చెప్పేవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలే, మీ ఊరి రేట్లు పెట్టి మీరే వేసుకోండి. నారు పీకడం, మోయడం, నాటడం అన్నీ కలిపి ఎకరాకు 12 మంది అనుకుందాం. మనిషికి 400 అయితే 4,800. నాటు యంత్రం పెడితే ట్రేలలో నారు పెంచడంతో సహా ఎకరాకు 5,000 అనుకుందాం. రెండు వందలు మిగులుతాయి కాబట్టి రైతు మనుషులనే పిలుస్తాడు. అదే కూలి 425 అయితే 5,100. అంటే 416 దాటగానే లెక్క తిరగబడింది. పాతిక రూపాయలు పెరిగితే ఎకరాకు 300 భారం పడిందని మనం అనుకుంటాం, కానీ అసలు సంగతి అది కాదు. ఆ పాతికతో 12 మంది పని యంత్రం చేతికి పోయే హద్దు దాటింది.

అయితే అందరూ ఒకేరోజు యంత్రం వైపు పోరు. చదునుగా, పెద్ద మడులున్నవాళ్లు ముందు పోతారు. అరెకరం, ఎకరం ఉన్నవాళ్లకూ, బురద లోతుగా దిగబడే పొలాలకూ యంత్రం రాదు, వాళ్లు మనుషులనే పిలుస్తారు. కాబట్టి పని మొత్తం పోదు, రోజులు తగ్గుతాయి. ఆ రోజులే లెక్కబెట్టాలి. నాట్ల సీజన్లో ఒక ఆడమనిషికి 400 చొప్పున 25 రోజులు దొరికితే 10,000. రేటు 450 అయ్యి 24 రోజులు దొరికితే 10,800, లాభమే. 20 రోజులే దొరికితే 9,000. రేటు పెరిగింది, ఇంటికి వచ్చే డబ్బు మాత్రం తగ్గింది. పైగా రోజులు తగ్గేటప్పుడు అందరికీ సమంగా తగ్గవు. ముఠాలో చురుకైనవాళ్లు నిలుస్తారు, వయసు మళ్లినవాళ్లను ముందు వదిలేస్తారు.

యంత్రం లేని పనిలో ఈ బెడద ఉండదనుకోకండి. పత్తి తీత చూడండి. మొదటి తీతలో చెట్టు నిండా పత్తి ఉంటుంది కాబట్టి కూలి కొంచెం పెరిగినా రైతు మారు మాట్లాడడు, తీయించకపోతే పంటే పోతుంది. ఆఖరి తీత అలా కాదు. చెట్టుకు నాలుగు కాయలు, రోజంతా తిరిగితే 8 కిలోలు వచ్చిందనుకుందాం. ఆ నాసి పత్తికి కిలోకు 50 చొప్పున 400 వస్తాయి. కూలి 350 అయితే తీయిస్తాడు. 450 అయితే పశువులను తోలేస్తాడు. యంత్రం రాకుండానే పని పోయింది.

ఇంతవరకు చదివి, "చూశారా, అందుకే రేటు కట్టడి చేయాలంటున్నాం" అనేవాళ్లు ఉంటారు. ఆగండి, లెక్కకు రెండో వైపు ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ డబ్బులు వేలిముద్రల స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు 157 మండలాల్లో ఒక పెద్ద పరిశీలన జరిగింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు చేశారు. ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చి, తేడా చూశారు. ఉపాధి డబ్బులు సరిగ్గా అందిన చోట బయటి కూలి రేట్లు కూడా పెరిగాయి. బయటి పనిదినాలు మాత్రం తగ్గలేదు.

ఇదెలా అని మనలో చాలామందికి అనుమానం వస్తుంది. జవాబు మన ఊరి కట్టుబాటులోనే ఉంది. కూలికి పిలిచేవాళ్లు కొద్దిమందే ఉండి, అందరూ ఒకే మాట మీద ఉంటే, రేటు ఉండాల్సిన దానికంటే కింద నిలుస్తుంది. 350కి కట్టడి చేశామనుకోండి. కొందరు ఇంట్లో కూర్చుంటారు, కొందరు ఆటో ఎక్కి 400 ఇచ్చే పక్క ఊరికి పోతారు. మనకు మనుషులు చాలక నారు ముదిరిపోతుంది. అలాంటి చోట 400 అని గీత గీస్తే ఇంట్లో ఉన్నవాళ్లు బయటికి వస్తారు, ఆటో ఎక్కేవాళ్లు ఆగుతారు. రైతుకు అప్పటికీ యంత్రం కంటే మనిషే చవక. అంటే రేటూ పెరిగింది, పనీ పెరిగింది. అదే గీత 450 దగ్గర గీస్తే, ముందు చెప్పుకున్న యంత్రం లెక్క మొదలవుతుంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఊరు కూర్చుని రేటు కట్టడి చేయడం మనకే నష్టం, మానేద్దాం. మనం ఎక్కువ ఇవ్వలేకపోవడానికి కారణం కూలీ కాదు, ధర. మద్దతు ధర లెక్కలో కూలి ఖర్చు కలుపుతారు, నిజమే. కానీ కలిపేది దేశం మొత్తం సగటు. మన దగ్గర కూలి వంద పెరిగితే ఆ సగటు కొంచెమే కదులుతుంది. 2025-26లో సాధారణ రకం వడ్లకు క్వింటాలు 2,369 రూపాయలు. కూలి తక్కువున్న రాష్ట్రానికీ అదే, మనకూ అదే. కూలికి గీత గీసేది రాష్ట్రం, ధర చెప్పేది కేంద్రం, మధ్యలో తేడా కట్టేది రైతు. కట్టలేనినాడు వాడు యంత్రాన్ని పిలుస్తాడు, అప్పుడు నష్టం కూలీకి.

కనీస వేతనం పెంచమని అడిగేవాళ్లతో మనం పోట్లాడక్కర్లేదు. రేటు పెంచిన ఏడాది పంట ధరలో ఆ తేడా ఎక్కడ కలుస్తుందో చెప్పమని వాళ్లతో కలిసి అడుగుదాం. పెంచిన తర్వాత ఏ పనిలో ఎన్ని రోజులు తగ్గాయో కూడా మండలాల వారీగా లెక్క తీయమని అడుగుదాం.

మీ ఊళ్లో ఎకరా నాటుకు ఎంతమంది, కూలి ఎంత, యంత్రానికి ఎంత? మూడు అంకెలు కింద రాయండి. మీ దగ్గర హద్దు ఎంత దూరంలో ఉందో అందరం చూద్దాం.