మొదటి వీడియోకు లాప్‌టాప్ కొనమని చెప్పేటోళ్లకు మా జవాబు

అన్నలారా, తమ్ముళ్లారా, ఈ మధ్య రూముల్ల ఒకటే మాట: "వీడియో చేయాలంటే లాప్‌టాప్ కావాలె, ఫోన్ల చేసేది పిల్లల ఆట." చెప్పేటోళ్లకు ఏం పోయింది, నెల జీతం పోయేది మనది. మేము ఈ మాట ఒప్పుకోం.

మన దగ్గర ఉన్నయేంటి? పదేండ్లు పనిచేసి ఊరికి పోతున్న రూమ్మేట్ కోసం నలుగురు తీసిన ఇరవై రెండు క్లిప్పులు. ఒక్కోటి ఎనిమిది సెకన్లకు కోస్తే మొత్తం మూడు నిమిషాలు. అవన్నీ ఫోన్లనే ఉన్నయి. దీనికి డావిన్చి రిజాల్వ్ పెట్టుకోమంటున్నరు. అది ఉచితమే, మంచిదే, కాదనం. కానీ దానికి 16 జీబీ ర్యామ్ కావాలె. క్యాంపుల దొరికే 4 జీబీ పాత లాప్‌టాప్ల ప్లే నొక్కితే బొమ్మ ఆగి ఆగి కదుల్తది, శుక్రవారం అంతా అక్కడ్నే పోతది.

ఇంకో చిక్కు ఎవరూ చెప్పరు. వెలుతురు తగ్గితే ఫోను సెకనుకు తీసే బొమ్మల లెక్క తనంతట తానే తగ్గిస్తది. అట్లాంటి క్లిప్పును కొన్ని డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లల వేస్తే, మొదట్ల మాట పెదవులు కలిసే ఉంటయి, క్లిప్పు పొడుగైనకొద్దీ విడిపోతయి. అప్పుడు హ్యాండ్‌బ్రేక్‌ల Constant Framerate పెట్టి ముందు మార్చుకోవాలె. మొదటి వీడియోకే ఈ తిప్పలెందుకు?

అట్లని ఫోన్ యాప్‌లన్నీ సాధువులు కావు. కొన్నింట్ల వజ్రం గుర్తో, Pro అనే ముద్రో ఉన్న ఎఫెక్టులను ఊరికే వాడనిస్తరు, గంట కూర్చొని పూర్తి చేసినంక ఎక్స్‌పోర్ట్ కాడ డబ్బులడుగుతరు. అందుకే మేము చెప్పేది: ముందు ఒక్క క్లిప్పు వేసి, పేరు రాసి, ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. వాటర్‌మార్క్ పడ్తదో లేదో, డబ్బులడుగుతదో లేదో రెండు నిమిషాల్ల తేలుతది.

వాట్సాప్‌ల మామూలుగా పంపిన క్లిప్పు అప్పటికే నలిగిపోయి ఉంటది. దాన్ని ఏ లాప్‌టాపూ బాగుచేయలేదు. తీసినోళ్లను మళ్లీ డాక్యుమెంట్‌గా పంపమనండి, అసలు ఫైలు వస్తది. అడ్డంగ తీసినవి ఎక్కువనా, నిలువుగ తీసినవి ఎక్కువనా లెక్కపెట్టి, 16:9 గానీ 9:16 గానీ మొదట్లనే ఎంచుకోండి. ఎక్స్‌పోర్ట్ 1080p చాలు. సెకనుకు 10 మెగాబిట్ల లెక్కన మూడు నిమిషాలకు 225 ఎంబీ దాకా అయితది. వీడియో చేతికొచ్చేదాకా గ్యాలరీల క్లిప్పులు మాత్రం తీసేయకండి. చాలా యాప్‌లు అక్కడి ఫైలునే చూస్తుంటయి, అది పోతే టైమ్‌లైన్ల ఖాళీ మిగుల్తది.

లాప్‌టాప్ ఎప్పుడు కావాలె? అరగంట పెళ్లి వీడియోకు, రెండు మూడు కెమెరాల బొమ్మ కలపాల్సినప్పుడు, ఫోన్ల జాగా నిండినప్పుడు. అప్పుడు మేమే కొనమంటం. మూడు నిమిషాల సాగనంపుడు వీడియోకు అప్పు చేయమనే పెద్దమనుషులు ముందు వాళ్ల లాప్‌టాప్ ఒక శుక్రవారం అరువియ్యమనండి, చూద్దాం.