తోడుకోని పాలను మళ్ళీ కాచి అమ్మకండి

వేడిగా తోడేసిన క్యాన్ మూత అయిదారు గంటలకు తీస్తే పాలు ఇంకా పాలలాగే ఉన్నాయా? వాటిని దయచేసి పొయ్యి మీద పెట్టకండి. మళ్ళీ కాచి, కొత్త తోడేసి, సాయంత్రానికి పెరుగు చేసి అమ్ముదామన్న ఆలోచన చిన్న డెయిరీల్లో ఎవరికైనా వస్తుంది. నలభై లీటర్ల పాలు పారబోయాలంటే చేతులు రావు. కానీ ఆ గంటల్లో లోపల ఏం జరిగిందో చూడండి. పెరుగును కాపాడేది పులుపు. తోడు చచ్చిపోతే పులుపు పుట్టదు. గోరువెచ్చని పాలు కాపలా లేని ఇల్లయిపోతాయి. కాచాక చేతి నుంచో మూత నుంచో పడిన క్రిములు అందులో హాయిగా పెరుగుతాయి. వాటిలో స్టెఫైలోకాకస్ లాంటిది ఉంటే, అది వదిలే విషం మరిగించినా పోదు. క్రిమి చస్తుంది, విషం మిగులుతుంది. ఆ పెరుగు తిన్నవాళ్ళు కొన్ని గంటల్లోనే వాంతులతో మంచం పడతారు.

ఇక తోడు ఎందుకు చచ్చిందన్న ప్రశ్న. మా దగ్గరి ఓ చిన్న డెయిరీలో నేను కళ్ళారా చూసింది చెబుతాను. నాలుగు క్యాన్లు, ఒక్కోటి 40 లీటర్లు. ఒకే గంగాళంలో కాచి 43 డిగ్రీలకు చల్లార్చిన పాలు, ఒకే బకెట్టులోని తోడు, నూటికి రెండు పాళ్ళ చొప్పున. తెల్లవారుజామున 4 గంటలకు తోడేస్తే 9 గంటలకు మూడు క్యాన్లు గడ్డకట్టాయి. నాలుగోదానిలో గరిటె తిప్పితే నీళ్ళలో తిప్పినట్టే ఉంది. యజమాని ముందు పాలవాడిని అనుమానించాడు, తర్వాత తోడును. రెండూ కారణమైతే నాలుగు క్యాన్లూ చెడాలి కదా! తేడా ఒక్కటే. ముందు రాత్రి ఆ ఒక్క క్యాన్‌ను కుర్రాడు శానిటైజర్ లిక్విడ్ కలిపిన నీళ్ళతో నింపి మూతపెట్టి ఉంచాడు. పొద్దున తొందరలో ఒంపేసి, కడగకుండా పాలు పోశాడు.

పాలక్యాన్‌కు మెడ కింద భుజం ఉంటుంది. పూర్తిగా బోర్లించకుండా వంచి ఒంపితే ఆ భుజంలో నీళ్ళు నిలిచిపోతాయి. అర లీటరు మిగిలిందనుకుందాం. ఆ లిక్విడ్‌ను లీటరుకు 200 మిల్లీగ్రాముల మోతాదులో కలిపి ఉంటే, మిగిలిన అర లీటరులో 100 మిల్లీగ్రాముల మందు ఉన్నట్టు. దాని మీద 40 లీటర్ల పాలు పోస్తే లీటరుకు రెండున్నర మిల్లీగ్రాములు. చూడటానికి ఎంత తక్కువ! కానీ తోడు మందగించడానికి లీటరుకు ఆ కొద్ది మిల్లీగ్రాములే చాలు. పైగా కుర్రాడు కొలతతో కాదు, కంటి అంచనాతో పోశాడు.

ఆ శానిటైజర్ డబ్బా మీద బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉంది. కోళ్ళఫారాలకూ రొయ్యల చెరువులకూ బీకేసీ పేరుతో అమ్మేది ఇదే. ఈ జాతి మందుల్ని క్వాట్లు అంటారు. వాడే మోతాదుకు పలచబడ్డాక రంగుండదు, వాసన కూడా తెలియదు. లోహానికి అంటుకుని ఉండిపోతాయి, క్రిమి పైపొరను పట్టి చిల్లులు పొడుస్తాయి. ఘోరమేమిటంటే, తోడులోని థర్మోఫిలస్, బల్గారికస్ వీటికి తేలిగ్గా లొంగిపోతాయి, మురికినీటి నుంచి వచ్చే కోలిఫారమ్ జాతి క్రిములు మాత్రం అంత తేలిగ్గా చావవు. మంచివి పోయి చెడ్డవి మిగులుతాయి. తోడులోని ఆ రెండూ ఒకదాన్నొకటి పోషించుకునే జంట కాబట్టి, ఒకటి దెబ్బతింటే రెండోదీ చతికిలబడుతుంది. అందుకే పూర్తిగా చావకపోయినా పెరుగు రెండు మూడు గంటలు ఆలస్యంగా, నీళ్ళోడుతూ, పలచగా తయారవుతుంది.

బ్లీచింగ్ సంగతి కొంచెం వేరు. అందులోని క్లోరిన్ పాల మాంసకృత్తులతో కలిసి త్వరగా బలం కోల్పోతుంది, తోడును చంపాలంటే చాలా ఎక్కువ కావాలి. అలాగని కడగకుండా వదిలేయమని కాదు. తినే పదార్థంలో అది ఉండకూడదు.

అనుమానం వస్తే ఇలా తేల్చుకోవచ్చు. నీళ్ళు మరగబెట్టి రెండు గాజు గ్లాసుల్ని మూడుసార్లు తొలవండి. ఒకదానిలో క్యాన్‌లో పోయకముందే తీసి కాచిన మీ పాలు, రెండోదానిలో వేరే చోటు నుంచి తెచ్చి కాచిన పాలు పోసి, రెంటిలోనూ అదే తోడు వేసి ఒకేచోట ఉంచండి. రెండూ తోడుకుంటే తప్పు మీ క్యాన్‌ది. మీ పాల గ్లాసే తోడుకోకపోతే తప్పు పాలలోనే ఉంది. గేదెకు వేసిన యాంటీబయాటిక్ కావచ్చు, రైతు క్యాన్‌లో మిగిలిన మందు కావచ్చు. రెండూ తోడుకోకపోతే తోడు మార్చండి. మరో గుర్తు కూడా ఉంది. రోజూ మొదటి విడత మాత్రమే చెడి, అదే పాత్రలో తర్వాతి విడత బాగా వస్తుంటే, మొదటి పాలు మందును కడుక్కుపోతున్నాయని అర్థం.

కడిగే తీరు మార్చాలి. పాలు ఖాళీ కాగానే గోరువెచ్చని నీళ్ళతో తొలవండి. మరీ వేడినీళ్ళు పోస్తే పాలు గోడకు అంటుకుని ఎండిపోతాయి, ఆ పొరలో మందు దాక్కుంటుంది. తర్వాత డిటర్జెంట్ వేడినీళ్ళతో బ్రష్ పెట్టి భుజం, అంచు, మూత లోపలి రబ్బరు, కుళాయి ఉంటే దాన్ని విప్పి రుద్దండి. అల్యూమినియం క్యాన్లకు కాస్టిక్ సోడా వాడకండి, తినేస్తుంది.

అసలు పని దాని తర్వాతది. చాలామంది ఒకేసారి బకెట్టు నీళ్ళు గుమ్మరించి అయిందనుకుంటారు. క్యాన్‌లో 200 మిల్లీలీటర్ల సబ్బునీళ్ళు మిగిలాయనుకోండి. 12 లీటర్లు ఒకేసారి పోసి ఒంపితే సబ్బు అరవయ్యోవంతుకు తగ్గుతుంది. అవే 12 లీటర్లను నాలుగేసి లీటర్లుగా మూడుసార్లు పోసి, మూత బిగించి కుదిపి, ప్రతిసారీ పూర్తిగా బోర్లిస్తే తొమ్మిదివేలవ వంతుకు పడిపోతుంది. నీళ్ళు అవే, ఫలితం వేరు. క్వాట్లు మాత్రం లోహాన్ని పట్టుకుంటాయి కాబట్టి ఈ లెక్కకు పూర్తిగా లొంగవు. అందుకే తోడేసే పాత్రల దగ్గరికి వాటిని రానివ్వకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

క్రిములు చంపడానికి ఆవిరి పట్టండి, లేదా సలసల కాగే నీళ్ళు నిండా పోసి పావుగంట ఉంచండి. వేడి ఏమీ మిగల్చదు. కట్టెలకో గ్యాస్‌కో కరువైతే 4 శాతం హైపోక్లోరైట్ ద్రావణం 50 మిల్లీలీటర్లు 10 లీటర్ల నీళ్ళలో కలిపి, పాలు పోసే ముందు, రెండు మూడు నిమిషాలు అన్ని వైపులా తగిలేలా తిప్పి ఒంపేయండి. కాచి చల్లార్చిన నీళ్ళతో మరోసారి తొలిచి, నేల మీద కాకుండా చట్రం మీద బోర్లించండి. బ్లీచింగ్‌ను ఆమ్లం కలిసిన క్లీనర్లతో ఎప్పుడూ కలపకండి, ఊపిరాడనివ్వని వాయువు వస్తుంది.

డిటర్జెంట్‌లోని సోడా పోయిందో లేదో మన వంటింటి పసుపే చెబుతుంది. సున్నం తగిలి పారాణి ఎర్రబడేది, క్షారానికి రంగు మారే పసుపు గుణం వల్లనే. చివరి తొలుపు నీళ్ళు గ్లాసులో పట్టి చిటికెడు పసుపు వేయండి. ఎరుపు తిరిగితే సోడా ఇంకా ఉన్నట్టు, మళ్ళీ తొలవాలి. మీ బోరు నీళ్ళకే ఆ రంగు వస్తుందేమో ముందు విడిగా చూసుకోండి. ఈ పరీక్షకు క్వాట్ గానీ, సోడా లేని సబ్బు గానీ దొరకదు.

మట్టికుండల్లో తోడేసేవాళ్ళకు ఇంకో మాట. కుండ నీటిని పీల్చినట్టే సబ్బునూ పీల్చుకుంటుంది, ఎన్నిసార్లు తొలిచినా లోపలిది పూర్తిగా రాదు. కొబ్బరిపీచుతో రుద్ది, మరిగే నీళ్ళు పోసి, ఎండలో ఆరబెట్టండి. సబ్బో లిక్విడో తగిలిన కుండను పెరుగుకు మళ్ళీ వాడకండి, మొక్క పెట్టుకోండి.