సహసంబంధం చెప్పినంతే చర్చ చెప్పాలి

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని నేరేడుచర్ల ప్రాంతంలో వరి ప్రధాన పంట. వరిలో సుడిదోమ ఉద్ధృతిని తగ్గించడానికి నాట్లు వేసేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల వెడల్పున తూర్పు పడమరలుగా కాలిబాటలు వదలాలన్నది చిరకాలంగా ఉన్న సిఫారసు. గాలి, వెలుతురు దుబ్బుల మొదళ్ల వరకు చేరాలన్నది దాని ఉద్దేశం. ఈ సిఫారసును కొందరు రైతులు పాటిస్తారు, కొందరు పాటించరు. ఎవరు పాటిస్తున్నారు, ఎందుకు పాటిస్తున్నారు అన్నది విస్తరణ విద్యార్థి సిద్ధాంత వ్యాసానికి తగిన అంశమే. అయితే ‘ఎవరు’ అన్న ప్రశ్నకు దొరికిన సమాధానాన్ని ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు సమాధానంగా రాయడం ఇటువంటి వ్యాసాల చర్చ భాగాలలో తరచుగా కనిపించే లోపం.

ఈ లోపం ఎలా ప్రవేశిస్తుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో పరిశీలించవచ్చు. నేరేడుచర్ల మండలంలో 120 మంది వరి రైతులను ఎంపిక చేసి ప్రశ్నావళితో వివరాలు సేకరించారనుకుందాం. విస్తరణాధికారులతో రైతుకు గల సంపర్కానికి ఒక స్కోరు, సిఫారసుల ఆచరణకు మరొక స్కోరు ఇచ్చారు. రెండింటి మధ్య సహసంబంధ గుణకం 0.42 వచ్చింది. 120 మంది నమూనాకు 1 శాతం స్థాయిలో సార్థకతకు సుమారు 0.23 చాలు కాబట్టి పట్టికలో ఆ అంకె పక్కన రెండు నక్షత్రాలు చేరాయి. ఇక చర్చలో ఇలా రాశారు: “విస్తరణ సంపర్కం పెరిగేకొద్దీ రైతుల ఆచరణ పెరిగింది. అధికారుల సందర్శనల వల్ల రైతులు కాలిబాటల ప్రాధాన్యాన్ని గుర్తించారు. కాబట్టి సందర్శనల సంఖ్యను పెంచాలి.”

ఈ మూడు వాక్యాలలో ఒక్కటి కూడా ఫలితాల నుంచి రాలేదు. సమాచారాన్ని ఒకే సీజనులో, ఒక్కొక్క రైతు నుంచి ఒక్కసారే సేకరించారు. ఏ రైతు విషయంలోనూ సంపర్కం పెరగడాన్ని పరిశోధకుడు చూడలేదు. సంపర్కం ఎక్కువగా ఉన్న రైతులను తక్కువగా ఉన్న ఇతర రైతులతో పోల్చాడు, అంతే. ‘పెరిగేకొద్దీ’ అన్న మాట మనుషుల మధ్య ఉన్న తేడాను కాలక్రమంలో వచ్చిన మార్పుగా మార్చివేస్తుంది. ‘వల్ల’ అన్న మాట ఆ మార్పుకు ఒక కారణాన్ని కూడా జతచేస్తుంది. రెండు నక్షత్రాలు చెప్పేది ఒక్కటే: ఇంత సంబంధం కేవలం యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం తక్కువ. ఆ సంబంధం ఎక్కడి నుంచి వచ్చిందో అవి చెప్పవు.

అదే 0.42 మరి రెండు విధాలుగా రావచ్చు. మొదటిది దిశకు సంబంధించినది. విస్తరణాధికారి ప్రదర్శన క్షేత్రానికి ముందే చురుకైన రైతును ఎంచుకుంటాడు. కొత్త పద్ధతి ఆచరించే రైతు కూడా సందేహాలతో తానే అధికారిని వెతుక్కుంటూ వెళతాడు. అప్పుడు ఆచరణే సంపర్కానికి దారితీసినట్లవుతుంది.

రెండవది మూడో చరానికి సంబంధించినది. కాలిబాటలకు వదిలే స్థలం ప్రతి 220 సెంటీమీటర్లలో 20, అంటే దాదాపు 9 శాతం. ఎకరం, రెండెకరాలు కౌలుకు తీసుకున్న రైతుకు అది కళ్లెదుట పోతున్న పంటగా తోస్తుంది. పెద్ద కమతం గల రైతు ఆ నష్టభయాన్ని తట్టుకోగలడు. అధికారులకు ఎక్కువ పరిచయం ఉండేదీ అతనితోనే కావచ్చు. అప్పుడు కమత విస్తీర్ణం ఒకవైపు సంపర్కానికి, మరొకవైపు ఆచరణకు మూలమై, ఆ రెండింటి మధ్య నేరుగా సంబంధం లేకున్నా ఉన్నట్లు చూపుతుంది.

ఈ అనుమానాన్ని చేతిలో ఉన్న సమాచారంతోనే కొంతవరకు పరీక్షించవచ్చు. పై ఉదాహరణలో కమత విస్తీర్ణానికి సంపర్కంతో 0.55, ఆచరణతో 0.60 సహసంబంధం ఉందనుకుందాం. పాక్షిక సహసంబంధ సూత్రం ప్రకారం 0.42 నుంచి ఆ రెండింటి లబ్ధమైన 0.33 తీసివేస్తే 0.09 మిగులుతుంది. దానిని (1−0.55²)(1−0.60²) వర్గమూలమైన 0.668తో భాగిస్తే 0.135 వస్తుంది. ఇది 5 శాతం స్థాయిలో సార్థకతకు కావలసిన 0.18 కన్నా తక్కువ. రెండు నక్షత్రాల సంబంధం ఒక్క చరాన్ని పరిగణించగానే ఒక్క నక్షత్రం కూడా మిగలని స్థితికి వచ్చింది.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. కొలవని చరాన్ని ఇది సరిచేయలేదు. కాలువ ఎగువనా చివరనా పొలం ఉన్నదన్న వివరం సేకరించకపోతే దాని పాత్ర బయటపడదు. సంపర్కం వల్లనే కలిగే అవకాశమున్న చరాన్ని, ఉదాహరణకు కాలిబాటల గురించిన పరిజ్ఞానాన్ని, స్థిరంగా ఉంచితే నిజమైన ప్రభావమే కనుమరుగు కావచ్చు. కనుక పాక్షిక సహసంబంధం సార్థకంగా మిగిలినా, మాయమైనా, దానిని తుది తీర్పుగా భావించరాదు.

అయితే చర్చను ఎలా రాయాలి? ‘పెంచింది’ స్థానంలో ‘పెంచి ఉండవచ్చు’ అని మార్చి సరిపెట్టుకోవడం పరిష్కారం కాదు. క్రియ మెత్తబడినా కారణం అక్కడే ఉంటుంది. చూసినదాన్నీ ఊహించినదాన్నీ వేర్వేరు వాక్యాలలో పెట్టడమే సరైన మార్గం. పై పేరాను ఇలా తిరగరాయవచ్చు: “విస్తరణ సంపర్కం ఎక్కువగా ఉన్న రైతులలో ఆచరణ స్కోరు కూడా ఎక్కువగా ఉంది. కమత విస్తీర్ణాన్ని పరిగణించినప్పుడు ఈ సంబంధం సార్థకంగా లేదు. సందర్శనలు ఆచరణకు దారితీశాయా, చురుకైన రైతులనే అధికారులు ఎక్కువగా కలిశారా అన్నది ఈ అధ్యయనం తేల్చలేదు. చిన్న కమతాల రైతులు కాలిబాటలు వదలకపోవడానికి స్థలం నష్టపోతామన్న భయం కారణమా అన్నది పరీక్షించదగిన ప్రతిపాదన.”

‘ప్రభావం’, ‘దోహదం’, ‘తద్వారా’, ‘ఫలితంగా’ అన్న మాటలను కూడా ఇదే దృష్టితో చూడాలి. బహుళ రిగ్రెషన్‌లో సంపర్కం వంటి వాటిని స్వతంత్ర చరాలని పిలిచినంత మాత్రాన అవి కారణాలు కావు. శీర్షికలో ‘ప్రభావం’ అని పెట్టి చర్చలో ‘సంబంధం’ అని సరిదిద్దుకున్నా ప్రయోజనం లేదు, శీర్షికనే ఎక్కువమంది చదువుతారు.

ఇలా రాస్తే వ్యాసం బలహీనపడుతుందని, సిఫారసు లేని పరిశోధన ఎందుకని కొందరు మార్గదర్శకులు ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణలో కొంత న్యాయముంది. ప్రతి వాక్యానికీ సందేహాన్ని తగిలించడం కూడా సరికాదు. ఒక పరిశోధన క్షేత్రంలో మళ్లను యాదృచ్ఛికంగా విభజించి, కొన్నింటిలో బాటలు వదిలి, కొన్నింటిలో వదలకుండా దుబ్బుకు దోమల సంఖ్య లెక్కించి సార్థకమైన తేడా చూపినవారు ఆ పరిస్థితులలో ‘బాటలు సుడిదోమను తగ్గించాయి’ అని నిస్సంకోచంగా రాయవచ్చు. ఆ హక్కును వారికి ఇచ్చింది యాదృచ్ఛిక విభజన. జరిగిపోయిన విషయాలను తర్వాత అడిగి తెలుసుకునే ఎక్స్ పోస్ట్ ఫ్యాక్టో అధ్యయనానికి ఆ హక్కు లేదు. ఆ అధ్యయనం చేయదగిన సిఫారసు తర్వాతి అడుగు: కొన్ని గ్రామాలను చీటీలు వేసి ఎంపిక చేసి, అక్కడ చిన్న రైతుల పొలాల్లో బాటలు వదిలిన మడి, వదలని మడి దిగుబడిని వారి ముందే తూచి చూపి, మరుసటి సీజనులో ఆచరణను మిగతా గ్రామాలతో పోల్చాలి.

తెలంగాణలో దాదాపు 5,000 ఎకరాలకు ఒక విస్తరణాధికారి చొప్పున క్లస్టర్లు ఏర్పడ్డాయి. అంత విస్తీర్ణంలో తిరిగే వ్యక్తికి సందర్శనలు పెంచమని చెప్పడం తేలిక. కానీ అడ్డంకి సమాచార లోపం కాక 9 శాతం స్థలంపై చిన్న రైతుకున్న భయమే అయితే, పెరిగిన సందర్శనలు తెలిసిన రైతు గడపకే మళ్లీ చేరతాయి. కౌలు రైతు మడిలో బాట పడదు, సుడిదోమ మాత్రం పడుతుంది.