వైర్లు లెక్కపెట్టొద్దు... కరెంటు ఎవరిస్తున్నారో చూడండి

ఇన్‌స్ట్రుమెంటేషన్, ఎలక్ట్రికల్ చదివిన పిల్లల్ని ఇంటర్వ్యూల్లో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. ‘టూ వైర్ ట్రాన్స్‌మిటర్‌కీ ఫోర్ వైర్ ట్రాన్స్‌మిటర్‌కీ తేడా ఏమిటి?’ జవాబు కూడా చాలామందిది ఒకటే. ‘దానికి రెండు వైర్లు, దీనికి నాలుగు వైర్లు సార్.’ అది తప్పని అనలేం. కానీ ఆ జవాబు పట్టుకుని ప్యానెల్ ముందు నిలబడితే ఏ వైరు ఎక్కడ బిగించాలో మాత్రం తెలియదు. నా ఉద్దేశంలో అడిగేవాళ్లూ, చెప్పేవాళ్లూ వైర్ల లెక్క వదిలేసి ఒక్క ప్రశ్నకు రావాలి: ఈ లూప్‌లో కరెంటును నడిపించే సప్లై ఎవరిది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పిల్లలకు ఇది దూరపు సంగతి కాదు. పాడి మీద బతికే పల్లెలు మనవి. ఊళ్లలో పోసిన పాలను చల్లబరిచే కేంద్రంలో టూ వైర్, ఫోర్ వైర్ రెండూ ఒకే ప్యానెల్‌లోకి వస్తాయి. కుప్పంలో రైలెక్కి బెంగళూరు వైపు ఉద్యోగానికి వెళ్లినా అక్కడి ఫ్యాక్టరీల్లో ఎదురయ్యేవి ఇవే. అందుకని పాల కేంద్రాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

పాల ట్యాంకు ఉష్ణోగ్రత కొలిచే ట్రాన్స్‌మిటర్ సాధారణంగా టూ వైర్ రకం. దానికి విడిగా కరెంటు కనెక్షన్ ఉండదు. సిగ్నల్ వెళ్లే ఆ రెండు వైర్ల మీదే అది బతకాలి. అందుకే సిగ్నల్ సున్నా దగ్గర కాకుండా 4 మిల్లీ ఆంపియర్ల దగ్గర మొదలై 20 దాకా వెళ్తుంది. ఆ మొదటి 4 మిల్లీ ఆంపియర్లలోనే ట్రాన్స్‌మిటర్ తన లోపలి సర్క్యూట్‌ను నడుపుకోవాలి. నిజానికి అది కరెంటును పుట్టించదు. బయటి 24 వోల్టుల సప్లై ఇచ్చే కరెంటుకు కుళాయి తిప్పినట్టు ఎంత కావాలో అంతే వదులుతుంది.

పాల పైపు మీద ఉండే మాగ్నెటిక్ ఫ్లో మీటర్ సంగతి వేరు. పైపు చుట్టూ ఉన్న కాయిల్స్‌తో అయస్కాంత క్షేత్రం పుట్టించాలంటే మామూలుగా ఆ 4 మిల్లీ ఆంపియర్లు చాలవు. అందుకే దానికి రెండు వైర్లతో వేరే సప్లై ఇస్తారు. 230 వోల్టుల ఏసీ కావచ్చు, 24 వోల్టుల డీసీ కావచ్చు. మిగతా రెండు వైర్లు సిగ్నల్‌వి. చాలా మీటర్లలో ఆ సిగ్నల్ కరెంటును మీటరే సొంతంగా తోస్తుంది. దీన్ని యాక్టివ్ ఔట్‌పుట్ అంటారు.

ఇప్పుడు పీఎల్‌సీ వైపు చూద్దాం. అనలాగ్ ఇన్‌పుట్ లోపల ఉండేది చిన్న రెసిస్టర్. 250 ఓమ్‌లు అనుకుంటే 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు దాని మీద 1 నుంచి 5 వోల్టులుగా కనిపిస్తాయి. కొన్ని ఇన్‌పుట్‌లు ఈ కొలత మాత్రమే చేస్తాయి. కొన్ని కొలవడంతో పాటు లూప్‌కు 24 వోల్టులు కూడా ఇస్తాయి. సీమెన్స్ ఎస్7-300 అనలాగ్ మాడ్యూల్ పక్కన చిన్న కార్డు ఒకటి తిప్పి పెట్టేది ఇందుకే. ‘సి’ వైపు పెడితే ఫోర్ వైర్ కరెంటుకు, ‘డి’ వైపు పెడితే టూ వైర్‌కు. తర్వాత వచ్చిన ఎస్7-1500లో అదే ఎంపిక సాఫ్ట్‌వేర్‌లోకి మారింది.

ఇక వైరింగ్. కొలత మాత్రమే చేసే ఇన్‌పుట్‌కు టూ వైర్ కలపాలంటే మూడింటినీ వరుసగా ఒకే గొలుసులో పెట్టాలి. 24 వోల్టుల ప్లస్ నుంచి ట్రాన్స్‌మిటర్ ప్లస్‌కు. ట్రాన్స్‌మిటర్ మైనస్ నుంచి పీఎల్‌సీ ఇన్‌పుట్ ప్లస్‌కు. ఇన్‌పుట్ మైనస్ నుంచి సప్లై సున్నా వోల్టుకు. యాక్టివ్ ఔట్‌పుట్ ఉన్న ఫోర్ వైర్ అయితే ఇంకా సులువు. మీటర్ సిగ్నల్ ప్లస్ ఇన్‌పుట్ ప్లస్‌కు, మైనస్ మైనస్‌కు. ఆ సిగ్నల్ దారిలోకి మన 24 వోల్టులు రాకూడదు. సూత్రం ఒక్కటే. ఒక లూప్‌కు ఒక్కటే సప్లై. రెండున్నా పనికిరాదు, ఒక్కటీ లేకపోయినా పనికిరాదు.

ఒక్కటీ లేకపోతే ఏమవుతుందో అంకెల్లో చూద్దాం. ట్యాంకు ట్రాన్స్‌మిటర్ రేంజి 0 నుంచి 50 డిగ్రీలు అనుకోండి. పాలు 4 డిగ్రీల దగ్గర ఉంటే లూప్‌లో 5.28 మిల్లీ ఆంపియర్లు ఉండాలి. ఎవరో టూ వైర్ ట్రాన్స్‌మిటర్‌ను సప్లై లేకుండా నేరుగా ఇన్‌పుట్‌కు కలిపారు, లేదా నడుస్తుండగా వైరు తెగింది. కరెంటు సున్నా. అదే లెక్కలో పీఎల్‌సీ దాన్ని మైనస్ 12.5 డిగ్రీలుగా చదువుతుంది. ప్రోగ్రామ్ రాసినవాళ్లు తక్కువ కరెంటును గమనించి అలారం ఇచ్చే ఏర్పాటు చేయకపోతే, పాలు గడ్డకట్టేంత చల్లగా ఉన్నాయనుకుని పీఎల్‌సీ చిల్లర్ ఆపేస్తుంది. తెల్లారేసరికి ట్యాంకు పాలు పులిసిపోతాయి. ఇంకా ప్రమాదం ఏమిటంటే, కొన్ని ప్రోగ్రాముల్లో సున్నా కన్నా తక్కువ వస్తే సున్నా అని చూపించేలా రాస్తారు. స్క్రీన్ మీద 0 డిగ్రీలు చూసి ఆపరేటర్‌కు అనుమానం కూడా రాదు. కరెంటు 3.6 మిల్లీ ఆంపియర్లకు పడిపోతే దాన్ని కొలతగా కాక లోపంగా చూడాలన్న పద్ధతి పరిశ్రమలో ఉన్నది ఇందుకే.

రెండు సప్లైలు ఎదురైతే లక్షణం వేరుగా ఉంటుంది. 24 వోల్టులు ఇచ్చే ఇన్‌పుట్‌కు తనే కరెంటు తోసే ఫ్లో మీటర్‌ను కలిపారనుకోండి. మీటర్ డిస్‌ప్లే మీద ప్రవాహం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పీఎల్‌సీ స్క్రీన్ మీద అంకె ఒకచోట అతుక్కుపోతుంది, లేదా పొంతన లేకుండా ఉంటుంది. అలాగే వదిలేస్తే మీటర్ ఔట్‌పుట్ కార్డో, పీఎల్‌సీ ఛానెలో పోవచ్చు. డిస్‌ప్లే ఒకటి, స్క్రీన్ ఒకటి చూపిస్తుంటే ముందు అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి.

మూడో తప్పు చేతి తొందరలో జరుగుతుంది. సప్లై ఆపకుండా ట్రాన్స్‌మిటర్ మూత తీసి పనిచేస్తుంటే రెండు వైర్లు ఒకదానికొకటి తగులుతాయి. అప్పుడు మొత్తం 24 వోల్టులూ ఆ 250 ఓమ్‌ల మీద పడతాయి. కరెంటు 96 మిల్లీ ఆంపియర్లు, అంటే ఉండాల్సిన గరిష్ఠానికి దాదాపు ఐదింతలు. ఆ చిన్న రెసిస్టర్ మీద 2.3 వాట్ల వేడి పుడుతుంది. రక్షణ ఉన్న మాడ్యూల్ తట్టుకుంటుంది, లేనిదైతే ఛానెల్ కాలిపోతుంది. ప్యానెల్‌లో ఫ్యూజ్ టెర్మినల్ తెరిచాకే ఫీల్డ్‌లో చెయ్యి పెట్టాలి.

మరి ఏది యాక్టివ్, ఏది కాదు అని ఎలా తెలుస్తుంది? మాన్యువల్ చూడాలి. దానితో పాటు మల్టీమీటర్‌తో రెండు నిమిషాల పరీక్ష చేయాలి. సిగ్నల్ వైర్లు రెండు వైపులా విప్పేయండి. మీటర్‌కు దాని సప్లై అలాగే ఉంచి, సిగ్నల్ టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజీ కొలవండి. వోల్టేజీ కనిపిస్తే కరెంటు తోసేది మీటరే. సున్నా అయితే అది బయటి సప్లై కోసం ఎదురుచూస్తోంది. తర్వాత పీఎల్‌సీ వైపు ట్రాన్స్‌మిటర్ కలపాల్సిన టెర్మినళ్ల మధ్య అలాగే కొలవండి. 24 చుట్టుపక్కల కనిపిస్తే ఇన్‌పుట్ సప్లై ఇస్తోంది. ఒక వైపు వోల్టేజీ, ఇంకో వైపు సున్నా వస్తే కలపొచ్చు. రెండు వైపులా వోల్టేజీ వస్తే కలపకూడదు. రెండు వైపులా సున్నా అయితే మధ్యలో సప్లై చేర్చాలి.

వైర్ల లెక్క ఎందుకు మోసం చేస్తుందో ఈ పరీక్షలోనే బయటపడుతుంది. నాలుగు వైర్లున్న కొన్ని ఫ్లో మీటర్లలో సిగ్నల్ ఔట్‌పుట్ పాసివ్‌గా ఉంటుంది. మీటర్‌కు 230 వోల్టులు వస్తాయి, డిస్‌ప్లే వెలుగుతుంది, అయినా సిగ్నల్ వైర్లలోకి అది కరెంటు తోయదు. దాన్ని టూ వైర్ ట్రాన్స్‌మిటర్‌లాగే 24 వోల్టులతో గొలుసులో పెట్టాలి. ఒకే మీటర్‌లో యాక్టివ్‌కు ఒక జత, పాసివ్‌కు ఇంకో జత టెర్మినళ్లు ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. రెండు వైర్లతోనే నడిచే మాగ్నెటిక్ ఫ్లో మీటర్లు కూడా మార్కెట్లో దొరుకుతాయి. ‘ఫ్లో మీటర్ అంటే ఫోర్ వైర్, ఫోర్ వైర్ అంటే నేరుగా’ అని బట్టీపట్టినవాళ్లు తడబడేది ఇక్కడే.

టూ వైర్‌కు దూరం అడ్డవుతుందా అని కొందరు అడుగుతారు. హార్స్లీ హిల్స్ లాంటి కొండ మీద నీళ్ల ట్యాంకు, కింద పంపు ప్యానెల్, మధ్యలో 5 కిలోమీటర్ల కేబుల్ అనుకోండి. లెవెల్ ట్రాన్స్‌మిటర్‌కు కనీసం 12 వోల్టులు కావాలి. 24లో అది పోగా 12 మిగిలాయి. లోపం వచ్చినప్పుడు కరెంటు 22 మిల్లీ ఆంపియర్ల దాకా వెళ్లవచ్చని లెక్కేస్తే, లూప్‌లో మొత్తం 545 ఓమ్‌ల వరకు భరించవచ్చు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 12 ఓమ్‌లు. రానూ పోనూ పది కిలోమీటర్లకు 120. ఇన్‌పుట్ 250 కలిపితే 370. అంటే వోల్టేజీ సరిపోతుంది. అక్కడ అసలు ఇబ్బంది పిడుగులతో, కొండపైన ఎర్తుకూ కింద ఎర్తుకూ ఉండే తేడాతో వస్తుంది. అందుకే అలాంటిచోట సర్జ్ ప్రొటెక్టర్లు పెట్టడమో, కేబుల్ మానేసి రేడియోతో పంపడమో మేలు.

ఇదంతా నేర్పడానికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు. చాలాచోట్ల ట్రైనర్ కిట్‌లో వైరింగ్ ముందే చేసి ఉంటుంది, విద్యార్థి రంగురంగుల ప్లగ్గులు గుచ్చి రీడింగ్ రాసుకుని వెళ్తాడు. ఆ కిట్ పక్కన పెట్టి 24 వోల్టుల సప్లై, 250 ఓమ్‌ల రెసిస్టర్, ఒక టూ వైర్ ట్రాన్స్‌మిటర్, ఒక మల్టీమీటర్ బల్ల మీద పెట్టండి. యాక్టివ్ ఔట్‌పుట్ బదులు 4–20 మిల్లీ ఆంపియర్ల సిగ్నల్ జనరేటర్ సరిపోతుంది. వైరు కలిపే ముందు రెండు వైపులా వోల్టేజీ కొలిచి, సప్లై ఎవరిదో రికార్డులో రాయాలనే నియమం పెట్టండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు కూడా నిర్వచనం అడగడం మాని, పేరు చెప్పని ఒక మీటర్, ఒక మల్టీమీటర్ చేతికిచ్చి ‘దీన్ని ఈ ఇన్‌పుట్‌కు కలపొచ్చా?’ అని అడగాలి. ప్రోబులు ముందు ఎక్కడ పెడతారో చూస్తే ఎవరికి పని వచ్చో తెలిసిపోతుంది.