ఆ ఫొటో ఒక్కటే చాలదు

సిద్దిపేట జిల్లా కలెక్టర్ గారికి,

ఎన్.ఎమ్.ఎమ్.ఎస్. స్కాలర్‌షిప్ నిబంధనలు తల్లిదండ్రులకు ఇంగ్లిష్‌లో, ఫోన్‌లో తీసిన ఫొటోగా చేరుతున్నాయి. అంచు తెగితే గడువు తేదీయే కనిపించదు. వాటిని తెలుగులో ఒక్క పేజీగా రాయించి ప్రతి సర్కారు బడిలో అంటించండి. అందులో అర్హతలు ఇలా ఉండాలి: చదివేది 8వ తరగతి, ఏడులో 55 శాతం మార్కులు, ఎస్సీ, ఎస్టీలకు 50. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటొద్దు.

గడువులు రెండని పెద్దక్షరాల్లో ఉండాలి. పరీక్ష దరఖాస్తుకు ఒకటి, ఎంపికయ్యాక తొమ్మిదిలో జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదుకు మరొకటి. రెండోది దాటితే పరీక్షలో నెగ్గినా ఏటా రావాల్సిన 12,000 రూపాయలు అందవు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బడి రికార్డులో పొడి అక్షరంగా ఉంటే ముందే సరిచేయించుకోమనండి. మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి రోజులు పడతాయి, ఆ పని మొదట పెట్టించండి.

ఇట్లు,
ఒక విద్యార్థి తండ్రి